ఇనుము-56 లెక్కలో ఆ 14 ఎంఈవీ ఎక్కడినుంచి వచ్చింది?

ప్రశ్న: మాస్టారూ, బీఎస్సీ చివరి ఏడాది చదువుతున్నాను. ద్రవబిందు నమూనా సూత్రంతో ఇనుము-56 బంధన శక్తి లెక్క కడితే 508.9 ఎంఈవీ వచ్చింది. పట్టికలో 492.3 అని ఉంది. నా నోట్సులో ఘనపరిమాణ గుణకం చెరిగిపోతే 15.75 అని ఇంకో పుస్తకంలోంచి తీసుకున్నాను. మిగతావి నోట్సులోవే: ఉపరితలానికి 16.8, కూలుంబ్‌కి 0.72, అసౌష్ఠవానికి 23, జతకి 34. కూడికలు మళ్లీ మళ్లీ చూసుకున్నాను, సరిగ్గానే ఉన్నాయి. ఎక్కడ తప్పాను? అసలు ఈ అయిదు పదాలూ ఎలా వచ్చాయి? చివర్లో 1.66 మాత్రమే వచ్చే జత పదాన్ని వదిలేస్తే ఏం నష్టం?
— ఒక విద్యార్థిని, కాకినాడ

సమాధానం: అమ్మా, నీ కూడికలు సరైనవే. విడివిడిగా చూస్తే నువ్వు వాడిన ఒక్కో గుణకమూ సరైనదే. కానీ అవి ఒకే జట్టులోవి కావు. ఆ 15.75 నీ నోట్సులోని 16.8 పక్కన ఉండాల్సింది కాదు. ఎందుకో తెలియాలంటే ముందు పదాలు ఎలా పుట్టాయో చూడాలి. తర్వాత ఇనుము లెక్కను ఇద్దరం కలిసి కడదాం.

కేంద్రకాన్ని ద్రవబిందువుగా ఊహించడం గామోతో మొదలైంది. 1935లో వైజ్సాకర్ ఆ ఊహను సూత్రంగా మలిచాడు. మరుసటి ఏడాది బెథే, బాకర్ దాన్ని మనం ఇప్పుడు వాడే రూపానికి దగ్గరగా తెచ్చారు. సూత్రం ఇది. ఇందులో B బంధన శక్తి, A ప్రోటాన్లూ న్యూట్రాన్లూ కలిపి న్యూక్లియాన్ల మొత్తం సంఖ్య, Z ప్రోటాన్ల సంఖ్య. న్యూట్రాన్ల సంఖ్య N అంటే A−Z:

```
B = av·A − as·A^(2/3) − ac·Z(Z−1)/A^(1/3) − aa·(A−2Z)²/A + δ
```

మొదటిది ఘనపరిమాణ పదం. ఒక కేంద్రకంలో A న్యూక్లియాన్లు ఉండి, ప్రతిదీ మిగతా అన్నింటినీ ఆకర్షిస్తూ ఉంటే జతల సంఖ్య A(A−1)/2. అప్పుడు బంధన శక్తి సుమారుగా A² లెక్కన పెరగాలి. కొలిచి చూస్తే అలా లేదు. తేలిక కేంద్రకాలను పక్కన పెడితే ఒక్కో న్యూక్లియాన్‌కి 8 ఎంఈవీ అటూ ఇటూగానే ఉంటుంది, అంటే మొత్తం శక్తి A కి అనుపాతంలో ఉంది. ఒక గ్రాము నీటిని ఆవిరి చేయడానికి ఎంత వేడి కావాలో పది గ్రాములకు సరిగ్గా పది రెట్లు కావాలి కదా, ఇదీ అలాంటిదే. నీటి అణువు తన పక్కనున్న అణువులనే పట్టుకుంటుంది, బిందువు ఎంత పెద్దదైనా దాని పొరుగు పెరగదు. కేంద్రక బలం కూడా ఒకటి రెండు ఫెర్మీల దూరం దాటితే దాదాపు ఉండదు. అందుకే కేంద్రకాన్ని ద్రవంతో పోల్చగలిగారు. కేంద్రక సాంద్రత చిన్నా పెద్దా కేంద్రకాల్లో ఇంచుమించు ఒకటే కావడం, వ్యాసార్ధం 1.2 × A^(1/3) ఫెర్మీలు కావడం కూడా ఈ పోలికకు బలమిచ్చాయి.

అయితే అంచున ఉన్న న్యూక్లియాన్‌కి ఒకవైపు పొరుగు లేదు. మొదటి పదంలో దానికీ నిండు పొరుగు ఉన్నట్టు లెక్క వేశాం. ఆ ఎక్కువ లెక్కను తీసేసేదే ఉపరితల పదం. ఉపరితల వైశాల్యం వ్యాసార్ధం వర్గానికి అనుపాతం కాబట్టి అది A^(2/3) అయింది. ఇది చిన్న సవరణ కాదు. ఇనుము-56 వ్యాసార్ధం 4.6 ఫెర్మీలు. బయటి 1.2 ఫెర్మీల మందాన్ని పొరగా తీసుకుంటే ఘనపరిమాణంలో సగానికి పైగా ఆ పొరలోనే ఉంటుంది. మనం గోళం అంటే లోపలి భాగమే ఎక్కువని అనుకుంటాం. ఇంత చిన్న బిందువులో అంచే ఎక్కువ.

కూలుంబ్ పదం నాకు అన్నింటికన్నా ఇష్టమైనది. ఈ అయిదింటిలో దీని గుణకాన్ని కొలతలకు సరిపెట్టకుండానే రాబట్టవచ్చు. ఏకరీతిగా ఆవేశం నిండిన గోళం స్వీయ శక్తిలో 3/5 అనే భిన్నం వస్తుంది. రెండు ప్రోటాన్లు ఒక ఫెర్మీ దూరంలో ఉంటే వాటి మధ్య శక్తి 1.44 ఎంఈవీ. వ్యాసార్ధంలోని స్థిరాంకం 1.2. అంటే (3/5) × 1.44 / 1.2 = 0.72. నీ నోట్సులోని సంఖ్య అదే. Z² కి బదులు Z(Z−1) రాయడానికి కారణం కూడా తేలికే. ప్రోటాన్ తనను తాను వికర్షించుకోదు. ఒక్క ప్రోటాన్ ఉన్న హైడ్రోజన్‌కి ఈ పదం సున్నా రావాలి. భారమైన కేంద్రకాల్లో తేడా కొద్దిగానే ఉంటుంది కాబట్టి కొన్ని పుస్తకాలు Z² తోనే సరిపెడతాయి. అప్పుడు గుణకాలను కూడా Z² కి తగ్గట్టే సరిచూసుకుంటారు.

ఇక్కడి వరకూ ఆవేశం ఉన్న నీటిబొట్టుకైనా ఇదే రాయవచ్చు. అసౌష్ఠవ పదం దగ్గర బొట్టు పోలిక ఆగిపోతుంది. వికర్షణ తగ్గాలంటే ప్రోటాన్లే లేకుండా అన్నీ న్యూట్రాన్లయితే మేలు కదా, మరి ప్రకృతి అలా ఎందుకు చేయలేదు? పౌలీ వర్జన నియమం ఒప్పుకోదు. న్యూట్రాన్లకూ ప్రోటాన్లకూ వేర్వేరు శక్తి స్థాయిల నిచ్చెనలు ఉంటాయి, ఒక్కో మెట్టు మీద ఒక్కో రకానికి రెండే చోట్లు. రెండు నిచ్చెనలూ సమానంగా నిండినప్పుడు మొత్తం శక్తి కనిష్ఠం. కొన్ని ప్రోటాన్లను న్యూట్రాన్లుగా మార్చితే అవి ప్రోటాన్ నిచ్చెన పై మెట్ల నుంచి దిగి, న్యూట్రాన్ నిచ్చెనలో ఇంకా పైనున్న ఖాళీ మెట్లకు ఎక్కాలి. ఎన్ని మారితే అన్ని మెట్లు ఎక్కాలి, ఎక్కేవి కూడా అన్ని. అందువల్ల ఖర్చు (N−Z)² కి అనుపాతం. కేంద్రకం పెద్దదయ్యేకొద్దీ మెట్ల మధ్య ఎడం 1/A గా తగ్గుతుంది, అందుకే కింద A. ఈ మెట్ల వాదన ఒక్కదానితో లెక్కిస్తే గుణకం సుమారు 12 దాకానే వస్తుంది. 23 కావాలంటే మిగతా సగం కేంద్రక బలం నుంచి రావాలి. న్యూట్రాన్-ప్రోటాన్ ఆకర్షణ న్యూట్రాన్-న్యూట్రాన్ ఆకర్షణ కన్నా బలమైనది. డ్యూటెరాన్ నిలబడుతుంది కానీ రెండు న్యూట్రాన్లు మాత్రమే ఉన్న కేంద్రకం నిలబడదు, చూడు.

చివరిదైన జత పదం సంగతి నీ మూడో ప్రశ్నతో పాటు చూద్దాం. N, Z రెండూ సరి అయితే +δ, రెండూ బేసి అయితే −δ, ఒకటి సరి ఒకటి బేసి అయితే సున్నా అని గుర్తుంచుకుంటే లెక్కకు చాలు. నీ నోట్సులోని 34 ని A^(3/4) తో భాగించాలి.

ఇప్పుడు ఇనుము-56. Z = 26, N = 30. ముందు ఘాతాలు: 56^(1/3) = 3.826, 56^(2/3) = 14.637, 56^(3/4) = 20.47. కాలిక్యులేటర్‌లో ఘాతాన్ని కుండలీకరణాల్లో పెట్టకపోతే అది 56 ని 3 తో భాగించి 18.67 చూపిస్తుంది. 3.8 × 3.8 × 3.8 దాదాపు 55 అని మనసులో చూసుకుంటే ఆ తప్పు వెంటనే పట్టుబడుతుంది. నీ నోట్సులో చెరిగిపోయిన గుణకం 15.5. దాన్ని పెట్టి కడితే:

```
ఘనపరిమాణం  +15.5 × 56               = +868.00
ఉపరితలం     −16.8 × 14.637           = −245.90
కూలుంబ్      −0.72 × 26 × 25 / 3.826  = −122.32
అసౌష్ఠవం     −23 × (56 − 52)² / 56     =   −6.57
జత          +34 / 20.47              =   +1.66
మొత్తం                                =  494.87 MeV
```

ఒక్కో న్యూక్లియాన్‌కి 8.84 ఎంఈవీ. కొలిచిన విలువ 492.3తో పోలిస్తే 2.6 ఎక్కువ, అంటే అర శాతం. ఈ సూత్రం నుంచి ఇంతకంటే ఎక్కువ ఆశించకూడదు. నీకు వచ్చిన 508.9 దీనికన్నా సరిగ్గా 14 ఎక్కువ. 15.75కీ 15.5కీ తేడా 0.25, దాన్ని 56 తో హెచ్చవేస్తే 14.

మరి ఆ రెండో పుస్తకం తప్పా? కాదు. దాని జట్టులో 15.75తో పాటు ఉపరితలానికి 17.8, కూలుంబ్‌కి 0.711, అసౌష్ఠవానికి 23.7 ఉండి ఉంటాయి. జతకి 11.18, దాన్ని A^(1/2) తో భాగించాలి. కూలుంబ్ పదంలో Z² ఉంటుంది. అన్నీ అవే పెట్టి కడితే:

```
882.00 − 260.54 − 125.63 − 6.77 + 1.49 = 490.55 MeV
```

ఇది 1.7 తక్కువ, అదీ మంచి జవాబే. రెండు జట్లనూ పక్కపక్కన పెట్టి చూడు. రెండో జట్టు ఘనపరిమాణం దగ్గర 14 ఎక్కువ ఇచ్చి, ఉపరితలం దగ్గర 14.6 ఎక్కువ తీసుకుంది. నువ్వు ఎక్కువ ఇచ్చేదాన్ని ఒక జట్టులోంచి, తక్కువ తీసుకునేదాన్ని ఇంకో జట్టులోంచి తీసుకున్నావు. అందుకే ఆ 14 ఎంఈవీ లెక్కలో అలాగే మిగిలిపోయింది.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, కూలుంబ్ తప్ప మిగతా గుణకాలను ఎవరూ ఒక్కొక్కటిగా కొలవలేదు. వందల కేంద్రకాల ద్రవ్యరాశులను ముందు పెట్టుకుని, మొత్తం మీద తేడా అతి తక్కువ అయ్యేలా అన్ని గుణకాలనూ ఒకేసారి సరిపెడతారు. A, A^(2/3) రెండూ కలిసే పెరుగుతాయి కాబట్టి ఒక గుణకం కాస్త పెరిగితే రెండోది కూడా పెరిగి ఆ తేడాను పూడ్చేస్తుంది. తేలిక కేంద్రకాలను చేర్చారా లేదా, Z² రాశారా Z(Z−1) రాశారా, జత పదంలో ఏ ఘాతం పెట్టారు అన్నదాన్ని బట్టి గుణకాలన్నీ కలిసి జరుగుతాయి. కాబట్టి గుణకాలు రాసుకున్నప్పుడల్లా వాటి పక్కనే సూత్రం రూపాన్ని కూడా రాసుకో. అసౌష్ఠవ పదంలో ఇంకో చిక్కు ఉంది. కొందరు (A−2Z)² కి బదులు (A/2−Z)² అని రాస్తారు. అప్పుడు గుణకం నాలుగు రెట్లు, 90 దాటి ఉంటుంది. అది అచ్చుతప్పు కాదు.

నీ జవాబు తప్పని పట్టిక చూడకుండానే తెలుసుకునే దారి కూడా ఉంది. 508.9ని 56 తో భాగిస్తే 9.09. ఒక్కో న్యూక్లియాన్‌కి అన్నింటికన్నా ఎక్కువ బంధన శక్తి ఉన్నది నికెల్-62, దానికే 8.79. ఏ కేంద్రకానికీ 9 రాదు. ఈ సూత్రంతో 9 దాటితే గుణకాల దగ్గరో ఘాతాల దగ్గరో ఏదో జరిగిందన్నమాట.

పట్టికలోని 492.3 ఎలా వచ్చిందో కూడా ఒకసారి కట్టి చూసుకో, అక్కడ విద్యార్థులు తరచూ జారే చోటు ఒకటుంది. పట్టికల్లో ఇచ్చేది పరమాణు ద్రవ్యరాశి, అంటే 26 ఎలక్ట్రాన్లతో కలిపి. అందుకే ప్రోటాన్ ద్రవ్యరాశికి బదులు హైడ్రోజన్ పరమాణువు ద్రవ్యరాశి పెట్టాలి, అప్పుడు రెండువైపులా ఎలక్ట్రాన్లు కొట్టుకుపోతాయి.

```
26 × 1.007825 + 30 × 1.008665 − 55.934936 = 0.528464 u
0.528464 × 931.494 = 492.26 MeV
```

పొరపాటున 1.007276 అనే ప్రోటాన్ ద్రవ్యరాశి వేస్తే 26 ఎలక్ట్రాన్ల శక్తి, అంటే 13.3 ఎంఈవీ, తగ్గి 479 వస్తుంది. అప్పుడు సూత్రమే తప్పిందని అనిపిస్తుంది.

ఇక జత పదం. ఇనుము మొత్తం శక్తిలో అది 1.66 మాత్రమే, సూత్రంలోని తేడా 2.6 కంటే కూడా చిన్నది. మొత్తం బంధన శక్తి ఒక్కటే కావాలంటే వదిలేసినా పెద్దగా తెలియదు. కానీ మనకు చాలాసార్లు కావలసింది పక్కపక్క కేంద్రకాల మధ్య తేడా. తేడా తీసినప్పుడు పెద్ద పదాలు దాదాపు కొట్టుకుపోతాయి, ఈ చిన్నదే ముందుకొస్తుంది.

యురేనియం-235 ఒక న్యూట్రాన్‌ను మింగితే యురేనియం-236 అవుతుంది. 235లో న్యూట్రాన్లు 143, బేసి, కాబట్టి δ సున్నా. 236లో సరి-సరి, కాబట్టి +δ. వచ్చిన న్యూట్రాన్‌కి అక్కడ ఒంటరిగా ఉన్న న్యూట్రాన్ జతగా దొరికింది, ఆ శక్తి అదనంగా విడుదలవుతుంది. యురేనియం-238 విషయంలో ఇది తిరగబడుతుంది. అది ముందే సరి-సరి, న్యూట్రాన్ చేరితే 239లో అది ఒంటరి. రెండో జట్టు గుణకంతో δ ఇక్కడ 0.73 దగ్గర వస్తుంది. ఒకచోట అది కలిసి, ఇంకోచోట తగ్గుతుంది కాబట్టి రెండింటి మధ్య తేడా 2δ, సుమారు 1.5 ఎంఈవీ. కొలిచిన విలువలు: న్యూట్రాన్ చేరినప్పుడు యురేనియం-236కి అందే శక్తి 6.55, యురేనియం-239కి 4.81. తేడా 1.74. అందులో ఎక్కువ భాగం జత పదమే ఇచ్చింది, మిగతాది న్యూట్రాన్లు పెరిగేకొద్దీ అసౌష్ఠవ ఖర్చు పెరగడం వల్ల.

విచ్ఛిత్తికి ఈ కేంద్రకాలు దాటవలసిన అడ్డు సుమారు 6 ఎంఈవీ. 6.55 దాన్ని దాటిస్తుంది, 4.81 చాలదు. అందుకే నెమ్మదిగా వచ్చే న్యూట్రాన్ కూడా యురేనియం-235ను చీలుస్తుంది. 238కి మాత్రం ఒక ఎంఈవీకి పైగా గతిజ శక్తితో వచ్చే న్యూట్రాన్ కావాలి. 1939లో బోర్, వీలర్ ఇదే ద్రవబిందువు మీద విచ్ఛిత్తి సిద్ధాంతాన్ని కట్టారు. ఈ రెండు ఐసోటోపుల తేడాకు వాళ్లు చూపిన కారణం కూడా ఈ సరి-బేసి భేదమే. నువ్వు వదిలేద్దామనుకున్న పదం లేకపోతే, సహజ యురేనియంలో 0.72 శాతమే ఉన్న 235 కోసం శుద్ధి కర్మాగారాలు ఎందుకో ఈ సూత్రం చెప్పలేదు.

ఇదే పదం ప్రభావం స్థిర కేంద్రకాల్లోనూ కనిపిస్తుంది. సరి-సరి స్థిర కేంద్రకాలు నూటికి పైగా ఉన్నాయి. బేసి-బేసి అయి స్థిరంగా ఉన్నవి తేలిక మూలకాల్లో నాలుగే: డ్యూటీరియం, లిథియం-6, బోరాన్-10, నైట్రోజన్-14.

సూత్రాన్ని ఎక్కడ నమ్మకూడదో కూడా చెప్పాలి. తేలిక కేంద్రకాలకు వాడకు. హీలియం-4 కి మొదటి జట్టుతో కడితే 30.8, రెండో జట్టుతో 22.0 వస్తుంది. కొలిచింది 28.3. నాలుగు న్యూక్లియాన్లున్న దాంట్లో లోపలేది, ఉపరితలమేది? బిందువు అన్న మాటకే అక్కడ అర్థం లేదు. రెండు మంచి జట్లు ఒకే కేంద్రకానికి ఇంత వేర్వేరు జవాబులిచ్చాయంటే అది సూత్రం పరిధి దాటిందని తెలుసుకోవాలి.

భారమైన వాటిలో తప్పే తీరు వేరు. రెండో జట్టుతో యురేనియం-238 కి 1804.2 వస్తుంది. కొలిచింది 1801.7, అంటే తేడా 2.5 మాత్రమే. అదే జట్టు సీసం-208 కి 1624.4 ఇస్తుంది, కొలిచింది 1636.4. ఇక్కడ 12 ఎంఈవీ తక్కువ. యురేనియం దగ్గర అంత బాగా సరిపోయిన గుణకాలు సీసం దగ్గర ఇంత తగ్గడానికి కారణం గుణకాల్లో లేదు. సీసం-208లో 82 ప్రోటాన్లు, 126 న్యూట్రాన్లు, రెండూ మాయా సంఖ్యలు. పూర్తిగా నిండిన కర్పరాల వల్ల దానికి అదనపు బంధం వచ్చింది. బిందువుకి కర్పరాల సంగతి తెలియదు. కాబట్టి 20, 28, 50, 82, 126 దగ్గర సూత్రం తక్కువ చూపిస్తే లెక్కలో తప్పు వెతకకు, ఆ లోటే కర్పర ప్రభావం కొలత.

పరీక్షలో ప్రశ్నపత్రం గుణకాలు ఇస్తే అవే, ఇచ్చిన రూపంలోనే వాడు. ఇవ్వకపోతే నీ నోట్సు జట్టును 15.5తో సహా వాడు. చేయి తిరగడానికి రాగి-63 ను కట్టి చూడు: Z = 29, N = 34, ఒకటి బేసి ఒకటి సరి కాబట్టి జత పదం సున్నా. 63^(1/3) విలువ 3.979. ఉపరితలానికి 266, కూలుంబ్‌కి 146.9, అసౌష్ఠవానికి 9.1 పోగా నీకు 554.5 రావాలి. కొలిచింది 551.4.